కనుబొమ: తీసేది, ఉంచేది

పలుచని కనుబొమలు గలవారికి పని సులభం. లేనిచోట పెన్సిలుతో గీసుకొంటారు. నచ్చకపోతే నీళ్లతో కడిగివేసుకొంటారు. ఒత్తు కనుబొమలు గలవారికి ఆ వెసులుబాటు లేదు. వారు చేయదగినదల్లా తీసివేత. తీసిన వెంట్రుకను సాయంత్రానికి తిరిగి నాటుకొనడం ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత ఒత్తు బొమను తీర్చడంలో చేతి నేర్పు కంటె ముందు నిర్ణయమున్నది. ఏ వెంట్రుక తీయవలె, ఏది ఉంచవలె అన్నది తేలిన తరువాత మిగిలిన పని పావుగంటలో పూర్తి అవుతుంది. తేలకముందే పనిముట్టు పట్టుకొన్నవారు నెలల తరబడి అద్దం ముందు నిట్టూర్చవలసి వస్తుంది.

తెలుగు పాఠం చెప్పుకొనే మనిషికి ఈ విషయంతో ఏమి పని అని చదువరులు అడగవచ్చును. మా అమ్మ వైపు ఆడవారందరివీ ఒత్తు బొమలు. మా నానీకి రెండు బొమలూ ముక్కు మొదట కలిసి ఒకే రేఖగా ఉండేవి. మా ఇంటి ఆడపిల్లలు కొంత వయసు రాగానే మోచ్నా చేతబట్టుకొని నా దగ్గరకు వస్తారు. మోచ్నా అంటే తెలుగువారి శ్రావణమే. కంసాలి పెట్టెలోనూ, కాలిలో దిగిన ముల్లు తీయడానికి పాత ఇళ్లలోనూ కనిపించే చిన్న పట్టుకారు. ఇట్లు వచ్చిన పిల్లల ముఖాలు చూసి చూసి నేర్చుకొన్నది కొంత, చదివి తెలుసుకొన్నది కొంత, ఇక్కడ వ్రాస్తున్నాను.

మన కళాశాలలో ఉర్దూ విభాగం వారు అబ్రూ అంటారు, మేము భ్రూలత అంటాము. ఇరువురి కవులకూ దొరికిన ఉపమానం మాత్రం విల్లే. ఈ పోలిక వట్టి అలంకారమని నేను చాలాకాలం అనుకొనలేదు, ఇప్పుడూ అనుకొనను. విల్లు పిడికిలి పట్టే చోట లావుగా ఉండి కొప్పుల వైపు సన్నగిలుతుంది. ఒత్తు బొమ కూడా మొదట వెడల్పుగా ఉండి కణత వైపు సన్నగిలితేనే చూడ ముచ్చటగా ఉంటుంది. మొదలు సన్నగా ఉండి చివర లావైన బొమ ముఖానికి ఎప్పుడూ ఏదో దిగులు తెచ్చిపెడుతుంది. కవులు చెప్పనిది ఒకటున్నది. విల్లు ఒకే కర్ర. బొమ అట్లు కాదు. అది వేర్వేరు దిక్కులకు వాలిన వెంట్రుకల కూర్పు. ఆ కూర్పును చూడకుండా అంచును మాత్రమే చూచి పీకడం వలననే చాలా ముఖాలు చెడిపోతున్నవి.

వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టుకొని చూడండి. ముక్కు పక్కనున్న బొమ తలలో వెంట్రుకలు దాదాపు నిలువుగా పైకి నిలిచి ఉంటాయి. అక్కడి నుండి నడుమ భాగానికి రాగానే కింది వరుసలవి పైకీ, కణత వైపుకూ ఒరుగుతాయి. పై వరుసలవి కిందికీ, కణత వైపుకూ ఒరుగుతాయి. రెండూ నడుమ కలిసి ఒక చిన్న గట్టు ఏర్పడుతుంది. బొమకు ఆ నిండుతనం, ఆ నీడ ఇచ్చేది ఈ గట్టే. తోకకు వచ్చేసరికి అన్నీ ఒకే వైపు సాగి పలుచబడతాయి. ఈ సంగతి తెలిస్తే, పై అంచును చెరపవద్దని పెద్దలు ఎందుకు అంటారో అర్థమవుతుంది. పై వరుస తీసివేస్తే గట్టుకు ఒక పక్క కూలినట్లే. కింది వెంట్రుకలకు ఎదురు నిలిచి ఆపేవి లేక అవి పైకి లేచి చెదరుతాయి. అప్పుడు ఆ చెదరిన వాటిని కూడా తీయవలెననిపిస్తుంది. అది అంతులేని పని.

తీసినది తిరిగి రావడానికి పట్టే కాలం కూడా ముందే లెక్క కట్టుకొనవలె. కనుబొమ వెంట్రుక రోజుకు ఒక మిల్లీమీటరులో ఏడవ వంతో, ఆరవ వంతో మాత్రమే పెరుగుతుంది. సెంటీమీటరు పొడవు రావడానికి రెండు నెలలకు పైమాటే. పైగా తలవెంట్రుకలకు భిన్నంగా, కనుబొమల కుదుళ్లలో ఎక్కువ భాగం ఏ సమయాన చూచినా విశ్రాంతిలోనే ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న కుదురు నుండి వెంట్రుకను లాగితే అది ఎప్పుడు మేల్కొంటుందో చెప్పలేము. అందుకే ఒకేరోజు తీసిన పది వెంట్రుకలలో మూడు నెలలోగా తలయెత్తుతాయి, మరికొన్ని మూడు నాలుగు నెలలు జరిగినా కనిపించవు. ఏళ్ల తరబడి ఒకే చోట పీకుతూ ఉంటే కొన్ని కుదుళ్లు శాశ్వతంగా మూతపడతాయి. పలుచని బొమలు వాడుకగా ఉన్న కాలంలో వాటిని పీకించుకొన్న ఎందరో స్త్రీలకు, మరల ఒత్తు బొమల వాడుక వచ్చేసరికి పెన్సిలే గతి అయినది.

ఇప్పుడు ఒక ముఖం తీసుకొని చెప్పుతాను. మా ఖాలా రెండవ కూతురు, డిగ్రీ మూడవ సంవత్సరం చదువుతున్న పిల్ల. దానికి సంబంధం కుదిరినది. ఫోటో చూచిన అవతలి ఇంటివారిలో ఎవరో “పిల్ల బాగున్నది గాని బొమలు కాస్త సన్నం చేయిస్తే…” అన్నారట. ఆ మాట ఇంటికి చేరినది. ఇంట్లో అప్పటికే ఒక ఉదాహరణ ఉన్నది. దాని అక్క అంతకు కొన్నేళ్ల ముందు తన పెళ్లికని ఒక పార్లరులో దారంతో బొమలు తీయించుకొన్నది. అక్కడివారు రెండు నిమిషాలలో పని ముగించారు. రెండు బొమలూ దారమంతే మిగిలాయి. ఆ తరువాత తలలు, నడుములు కొంత కోలుకొన్నవి గాని తోకలు నేటికీ పూర్తిగా రాలేదు. చెల్లెలికి ఇదే భయం. “ఆపా, వాళ్లు అన్నారని చేయించుకోవాలా? చేయించుకొంటే అక్కలాగే అవుతుందేమో” అని అడిగినది. నేను మొదట చెప్పినది ఒకటే: “నెల రోజులు ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోకు. తరువాత రా.”

నెల గడువు ఎందుకంటే, అప్పుడప్పుడు తానే అద్దం ముందు నిలబడి ఒకటీ అరా లాగుతూ ఉండేది. అట్లా లాగిన బొమలో అసలు ఆకారమేదో, తెగిన ఆకారమేదో తెలియదు. నాలుగైదు వారాలు వదిలితే చాలావరకు మొలకలు బయటపడి బొమ తన రూపం తాను చూపుతుంది.

దారం కంటె శ్రావణమే ఎందుకని కూడా అడిగినది. దారంతో తీయడం చెడ్డదేమీ కాదు. అంచును గీత గీసినట్లు శుభ్రం చేయడానికి, నూగును తీయడానికి అంతకు మించినది లేదు. అయితే మెలి తిరిగిన దారం ఒక్కసారికి ఒక వరుసను పట్టుకొంటుంది. నేర్పుగల చేతిలో తప్ప అది ఎంచి తీయలేదు. మనకు కావలసినది ఎంచడం కదా! ఒత్తు బొమలో పక్కపక్కనే నిలిచిన రెండు వెంట్రుకలలో ఒకటి తీయవలసినది, మరొకటి ఉంచవలసినది కావచ్చును. శ్రావణం ఒక్కొక్కదానిని పట్టుకొంటుంది. పట్టుకొన్న ప్రతిసారీ ఆలోచించడానికి ఒక క్షణం ఇస్తుంది.

మా ఇళ్లలో ఈ పని మాట ఎత్తగానే పెద్దలకు ఒక హదీసు గుర్తుకు వస్తుంది. ముఖం మీది వెంట్రుకలు పీకే స్త్రీలను, పీకించుకొనే స్త్రీలను మందలించే ఆ మాట అబ్దుల్లా ఇబ్నె మస్ఊద్ గారి ద్వారా సహీహ్ బుఖారీలో వచ్చినది. దాని వ్యాప్తిని గురించి ఉలేమాలలో భేదాభిప్రాయాలున్నవి. బొమను అసలే తాకరాదన్నవారున్నారు. రెండు బొమల నడిమి వెంట్రుకలు బొమలో భాగం కావు గనుక తీయవచ్చునన్నవారున్నారు. మితిమీరి పెరిగి వికారంగా కనిపించే దానిని సరిచేయడం వేరన్నవారూ ఉన్నారు. తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. మా ఖాలా తనకు తెలిసిన పెద్దలను అడిగి వచ్చి, నడిమిది, రెప్ప మీద విడిగా మొలిచినది తీయవచ్చు గాని బొమ ఆకారం మాత్రం మార్చవద్దన్నది. ఆశ్చర్యమేమంటే ఒత్తు బొమ విషయంలో కంటికి నచ్చే హద్దు కూడా ఇంచుమించు అక్కడే ఉన్నది.

పిల్ల వచ్చిన రోజు కిటికీ ఎదుట, పగటి వెలుతురులో కూర్చోబెట్టాను. తలపైన దీపం వెలిగితే బొమ గట్టు నీడ రెప్ప మీద పడి లేని వెంట్రుకలు ఉన్నట్లు కనిపిస్తుంది. పెద్దదిగా చూపే అద్దం కూడా పక్కన పెట్టించాను. అందులో ప్రతి వెంట్రుకా నేరస్థురాలే. ఇక సెల్‌ఫోను మాట: మూరెడు దూరంలో పట్టుకొన్న ఫోను ముక్కును పెద్దది చేసి, కణతలను వెనక్కు నెట్టి చూపుతుంది. దానిని చూచి బొమ కొలత నిర్ణయించరాదు. ఫోటో కావలెననుకొంటే మరొకరు నాలుగైదు అడుగుల దూరం నుండి తీయవలె.

దాని మొదటి ఫిర్యాదు ఎడమ బొమ ఎత్తుగా ఉన్నదని. కుడిదానికి సరిపోవడానికి ఎడమదానిని పైన కొంత తీయమన్నది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నేను దానిని కళ్లు మూసుకొమ్మన్నాను. నుదురు సడలించి, ఊపిరి వదలమని చెప్పి, నుదుటి మీద అరచేయి తేలికగా ఆనించాను. ఎడమ బొమ దిగినది. రెండింటి మధ్య తేడా ముందున్న దానిలో సగం కూడా లేదు. అంటే ఆ ఎత్తు వెంట్రుకలది కాదు, నుదుటి కండరానిది. అద్దంలో చూచుకొనేటప్పుడు ఎడమ బొమను ఎత్తే అలవాటు ఆ పిల్లకున్నది. మనలో చాలామందికి ఏదో ఒకవైపు ఉంటుంది. కండరం చేసిన తేడాను వెంట్రుకలు తీసి సరిచేయబోతే, ముఖం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ బొమ కిందికి జారినట్లు కనిపిస్తుంది. కళ్లు మూసినప్పుడు కూడా మిగిలిన తేడా ఏదైతే ఉన్నదో అంతవరకే మన పని. ఆ పిల్లలో మిగిలినది వెంట్రుకవాసి. దానిని నేను ముట్టుకొనలేదు.

తరువాత కొలత. దీనికొక ప్రసిద్ధమైన సూత్రమున్నది. హాలీవుడ్ మేకప్ కళాకారుడు వెస్ట్‌మోర్ 1970ల నడుమ ప్రచారంలోకి తెచ్చినది. ముక్కుపుట అంచు నుండి నిలువుగా పైకి గీత గీస్తే బొమ తల అక్కడ మొదలు కావలె. ముక్కుపుట నుండి కంటి బయటి కొలకు మీదుగా ఏటవాలుగా గీస్తే తోక అక్కడ ముగియవలె. నేరుగా చూచేటప్పుడు నల్లగుడ్డు బయటి అంచుకు సరిగా పైన బొమ వంపు శిఖరముండవలె. తలా తోకా ఒకే మట్టంలో ఉండవలె. ఒక పెన్సిలును ముక్కు పక్కన ఆనించి ఈ గుర్తులన్నీ చూడవచ్చును. సూత్రం మంచిదే, కాని అది అందరి ముక్కులకూ సరిపోదు. మా చెల్లెలి ముక్కుపుటలు కొంచెం వెడల్పు. పెన్సిలు నిలువుగా ఆనిస్తే బొమ తల కంటి లోపలి కొలకు దాటి మూడు మిల్లీమీటర్లు బయటకు పోయినది. సూత్రాన్ని నమ్మి అంతవరకు తీసివేస్తే నడుమ ఖాళీ పెరిగి ముక్కు మరింత వెడల్పుగా కనిపించేది. అందుచేత కొలకునే హద్దుగా తీసుకొని, దానికి లోపల కూడా కొద్దిగా ఉంచాను. వంపు విషయంలోనూ అంతే. దానిది కోలముఖం. కోలముఖానికి బొమ వంపు ఎత్తు చేస్తే ముఖం ఇంకా సాగుతుంది. బొమ కాస్త బల్లపరుపుగా ఉంటేనే పొందిక. గుండ్రని ముఖానికైతే వంపు కొద్దిగా లేవడం మేలు. పలకముఖానికి కోణం లేని మెత్తని వంపు నప్పుతుంది. ఈ మూడు మాటలకు మించి ముఖాకారాలను గురించి పత్రికలు వేసే పట్టికలను నేను నమ్మను. ముఖం కంటె కళ్ల మధ్య దూరం, ముక్కు వెడల్పు, కనుగూటి ఎముక అంచు, ఈ మూడే ఎక్కువ చెప్పుతాయి.

ఎముక అంచును వేలితో తడిమి చూడవలె. స్త్రీలలో సాధారణంగా బొమ ఆ అంచుకు కొంచెం పైన ఉంటుంది. ఎముకకు కింద, రెప్ప మడతకు పైన, మెత్తటి చోట మొలిచిన వెంట్రుకలన్నీ నిస్సంకోచంగా తీయదగినవి. అవి తీస్తే కన్ను తెరుచుకొన్నట్లు కనిపిస్తుంది, బొమకేమీ నష్టం లేదు. ఆ పిల్లకు అటువంటివి ఒక్కొక్క వైపు పాతిక దాకా ఉన్నవి.

తీయదలచిన వాటిని ముందుగా గుర్తు పెట్టుకొనడం నా పద్ధతి. తెల్ల పెన్సిలుతో తీయవలసిన వెంట్రుకల మీద పూసి, నాలుగడుగులు వెనక్కు జరిగి చూస్తాను. తెల్లబడినవి కంటికి మాయమై, మిగిలినవి మాత్రమే బొమగా కనిపిస్తాయి. నచ్చకపోతే తుడిచి మళ్లీ పూయవచ్చును. పెన్సిలు గీసుకొనే వెసులుబాటు ఒత్తు బొమల వారికి లేదన్నాను గాని, ఈ ఒక్కచోట ఉన్నది.

నడిమి భాగంతో మొదలుపెట్టాను. కలిసిన బొమలను విడదీసేటప్పుడు ఎక్కడ ఆగవలెనన్నది కష్టమైన ప్రశ్న. దీనికి వెంట్రుకల దిక్కే జవాబు. పైకి నిలువుగా నిలిచినది బొమ తలకు చెందినది, దానిని ఉంచవలె. ముక్కు మీదకు అడ్డంగానో, కిందికో పడుకొన్నది నడిమిది, దానిని తీయవచ్చును. సరిహద్దులో రెండు రకాలూ కలిసి ఉంటాయి. అక్కడ ఒకటి తీసి ఒకటి విడిచిపెట్టవలె. గోడ కట్టినట్లు నిలువుగా కోసిన బొమ తల దూరం నుండి చూచినా పని జరిగినట్లు చెప్పివేస్తుంది. తల పలుచగా మొదలై క్రమంగా చిక్కబడవలె. ఆ పిల్ల నడిమిలో పద్దెనిమిది వెంట్రుకలు తీశాను. అద్దంలో చూచుకొని “ఇంతేనా?” అన్నది. నాలుగడుగుల దూరంలో ఉన్న దాని తల్లి మాత్రం “విడిపోయాయి” అన్నది. ఇరాన్‌లో కజార్ రాజుల కాలపు చిత్తరువులలో స్త్రీల బొమలు కలిసే ఉంటాయి. కలవనివారు కాటుకతో కలుపుకొనేవారు. మా నానీ ఆ దేశంలో, ఆ కాలంలో పుట్టి ఉంటే అందగత్తె అనిపించుకొనేది.

తరువాత కింది అంచు. ఇక్కడ ఒకే నియమం. తల కింద ఏమీ తీయరాదు. రెప్ప మీద విడిగా ఉన్నవి మాత్రం పోవచ్చును. నల్లగుడ్డు బయటి అంచుకు వచ్చిన తరువాత కింది వరుసలో ఒకటి, తోక వైపు సాగేకొద్దీ మహా అయితే రెండు వరుసలు. తల కిందనూ నడుము కిందనూ తవ్వినవారి బొమ తోకకప్పలాగా తయారవుతుంది: ముందు గుండ్రని ముద్ద, వెనుక సన్నని తోక. ఈ రూపం వీధిలో ఎంత తరచుగా కనిపిస్తుందో ఒకసారి గమనించండి. మా ఖాలా చెప్పిన హద్దును దృష్టిలో పెట్టుకొని నేను ఆ కింది వరుసలలోకి కూడా పోలేదు. రెప్ప మీది వాటితోనే ఆపాను. కింది అంచు అప్పటికే తేరి కనిపించినది.

ఒక వైపు అయిదు తీస్తే మరొక వైపు అయిదు. ఒక బొమ పూర్తి చేసి రెండవదానికి పోతే, రెండవది మొదటిదాన్ని మించిపోతుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ మొదటిదానికి రావలసి వస్తుంది. ఇట్లా ఇటూ అటూ తిరుగుతూ దారమంత బొమలు మిగిల్చుకొన్నవారిని ఎరుగుదును.

పై అంచులో నేను తీసినది ఏమీ లేదు. అక్కడ నూగు ఉంటే ఉండనీయండి. నూగు లేని పై అంచు, అంటించిన కాగితపు ముక్కవలె కనిపిస్తుంది. బొమ మరీ ఒత్తుగా లేచినట్లుంటే దానికి పీకడం కాదు మందు, కత్తిరింపు. పాత పళ్ల బ్రష్షుతో వెంట్రుకలను పైకి దువ్వి, పై అంచును దాటి పోయిన కొసలను మాత్రం చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా తుంచవలె. దువ్వెన మీద పరచి ఒక్కసారిగా కత్తిరించరాదు. ఇక్కడ ఒక ప్రమాదమున్నది. పొడవైన వెంట్రుక ఒక్కొక్కప్పుడు కింద ఉన్న ఖాళీని కప్పుతూ ఉంటుంది. మా చెల్లెలి కుడి బొమ తోక దగ్గర చిన్నప్పుడు మెట్ల మీద పడిన దెబ్బకు మచ్చ ఉన్నది; అక్కడ వెంట్రుకలు మొలవవు. దాని పక్కనుండి సాగిన మూడు పొడవాటి వెంట్రుకలే ఆ మచ్చను మూస్తున్నవి. వాటిని పైకి దువ్వి చూడగానే మచ్చ బయటపడినది. కత్తిరించి ఉంటే తోక రెండు ముక్కలయ్యేది. అందుకని తుంచే ముందు ప్రతి పొడవాటి వెంట్రుకనూ పక్కకు జరిపి కింద ఏమున్నదో చూడవలె.

చేతి పని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. స్నానమైన తరువాత చర్మం మెత్తబడి ఉన్నప్పుడు చేయవలె. శ్రావణాన్ని స్పిరిట్‌తో తుడవవలె. రెండు వేళ్లతో చర్మం బిగించి, వెంట్రుకను మొదలు దగ్గర పట్టి, అది ఒరిగిన వైపుకే లాగవలె. ఎదురు లాగితే నడుమ తెగుతుంది. తెగినది చర్మం లోపలే వంకర తిరిగి పొక్కు అవుతుంది. తీసిన చోట ఎరుపు సాధారణంగా గంటా రెండు గంటలలో పోతుంది. ఆ పూట అక్కడ పౌడరు, క్రీము పూయకపోవడం మంచిది. మరునాటికి చీము పొక్కులు లేస్తే శ్రావణమో చేతులో శుభ్రంగా లేవని అర్థం. పెళ్లి ముందు రోజున ఈ పని పెట్టుకొనరాదు. అయిదారు రోజులు ముందే ముగించవలె.

ఇంకొక మాట. ఎవరూ తీయకుండానే బొమ తోక దానంతట అది పలుచబడుతూ ఉంటే దానిని అందం సమస్యగా తీసుకొనరాదు. థైరాయిడ్ మందగించినప్పుడు బొమల బయటి మూడవ వంతు రాలిపోవచ్చును. కుష్ఠువ్యాధిలోనూ బొమలు రాలతాయి. గుండ్రంగా ఒకేచోట రాలితే అది వేరే చర్మవ్యాధి కావచ్చును. అటువంటప్పుడు పెన్సిలు కొనడానికి ముందు వైద్యుని చూడవలె. మా పిల్ల అక్క తోకలు రానప్పుడు కూడా నేను ముందుగా రక్తపరీక్ష చేయించుకొమ్మన్నాను. థైరాయిడ్ సరిగానే ఉన్నదని తేలినది. అప్పుడుగాని దారం మీద నేరం రుజువు కాలేదు.

ఆ రోజు మొత్తం మీద తీసినవి డెబ్బై లోపే. కోసినవి ఆరు కొసలు. బొమల వెడల్పు ఎంత ఉన్నదో అంతే ఉన్నది. సన్నం చేయించమన్న ఇంటివారు నిశ్చయం నాటికి వచ్చి చూచి, “ఇప్పుడు బాగున్నాయి, సన్నం చేయించారు కదూ” అన్నారు. మా ఖాలా నా వైపు చూచినది, ఎవరమూ సరిదిద్దలేదు.

ఇప్పుడు ఆ పిల్ల మూడు వారాలకొకసారి తనంతట తాను చూచుకొంటున్నది. నడిమిలో కొత్తగా మొలిచిన నాలుగైదు, రెప్ప మీద పది పన్నెండు, అంతకు మించి తీయడం లేదు. మొన్న కళ్లద్దాలు మార్చుకొనవలసి వచ్చినది. చట్రం పై అంచు బొమను సగానికి కోయకుండా దానికి కొంచెం కిందగా ఉండేది ఎంచుకొమ్మని చెప్పాను. ఒత్తు బొమకు నల్లటి మందమైన చట్రం తగిలితే ఒకదాని మీద ఒకటి రెండు బొమలున్నట్లు కనిపిస్తుంది. సన్నని లోహపు చట్రం తెచ్చుకొన్నది.